రాత్రి నిద్ర లేపే చేతి నొప్పి: భుజమా, మణికట్టా? దేనికి ఏ వైద్యం?

యాభై దాటిన మనిషి చేతి నొప్పితో రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే, మా బరంపురంలో గానీ పర్లాకిమిడి, గుణుపురం వైపు గానీ ముందుగా వినిపించే మాట "సర్వైకల్ అయ్యుంటుంది". వెంటనే మెడకి ఎక్స్‌రే తీస్తారు. ఆ వయసులో ఎవరికి తీసినా కొంత అరుగుదల కనిపిస్తుంది కాబట్టి అనుమానం ఖాయమైపోతుంది. మెడకి బెల్టు, విటమిన్ మాత్రలు, నొప్పి మాత్రలు మొదలవుతాయి. నేను ఇక్కడ ఫిజియోథెరపీ చేస్తుంటాను. అలా బెల్టుతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి బాధ మెడలో ఉండదు. కొందరికి భుజం కీలు బిగిసిపోయి ఉంటుంది, అంటే ఫ్రోజెన్ షోల్డర్. కొందరికి మణికట్టు దగ్గర నరం నలుగుతూ ఉంటుంది, అంటే కార్పల్ టన్నెల్. షుగరు ఉన్నవాళ్లలో రెండూ కలిసి రావడం కూడా అరుదేమీ కాదు.

ఈ రెండింటికీ వాడే వైద్యాల పేర్లు దాదాపు ఒకటే: వ్యాయామం, పట్టీ, స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆపరేషన్. అందుకే జనం కలగలిపేస్తారు. కానీ ఏది ముందు, ఏది చివర అన్నది రెండింటికీ దాదాపు తారుమారు. భుజానికి ఆపరేషన్ తొందరపడకూడదు, మణికట్టుకి ఆపరేషన్ అదేపనిగా వాయిదా వెయ్యకూడదు. నేను చూసేది మాత్రం ఎక్కువగా దీనికి ఉల్టా.

ముందు ఏదో తేల్చుకోవాలి

కార్పల్ టన్నెల్ మనిషి నిద్ర లేవగానే చేతిని విదిలిస్తాడు. థర్మామీటర్ దులిపినట్టు నాలుగుసార్లు విదిలించి, మంచం అంచు కిందికి వేలాడేస్తే కాస్త నెమ్మదిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలు బాగానే ఉంటుంది. నొప్పి పైకి మోచేతి దాకా, ఒక్కోసారి భుజం దాకా ఎగబాకుతుంది, మెడ అనుకోవడానికి అదే కారణం. మణికట్టు ఎముకల మీద ఒక గట్టి పట్టీ అడ్డంగా ఉంటుంది. దాని కింద ఇరుకు దారిలో తొమ్మిది స్నాయువులతో కలిసి మీడియన్ నరం వెళ్తుంది. నిద్రలో మణికట్టు మడత పడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, నరానికి రక్తం సరిగ్గా అందదు. అందుకే పగలు ఎలాగోలా గడిచినా రాత్రి తెలుస్తుంది.

ఫ్రోజెన్ షోల్డర్ మనిషి చేతిని విదిలించడు, విదిలిస్తే ప్రాణం పోతుంది. ఆ పక్కకి ఒత్తిగిలినప్పుడే మెలకువ వస్తుంది. నొప్పి భుజం మీద, పైచేయి బయటివైపు ఉంటుంది. వేళ్లలో తిమ్మిరి ఉండదు. ఇక్కడ కీలుని చుట్టి ఉండే పలచటి సంచి ముందు వాచి, తర్వాత మందమై ముడుచుకుపోతుంది. చేతిని వెనక్కి పెట్టి జాకెట్టు హుక్సు పెట్టుకోలేకపోవడం, లుంగీ వెనక కొంగు సర్దుకోలేకపోవడం, బస్సులో పై కమ్మీ అందకపోవడం, ఇలా పోతాయి పనులు.

ఇంట్లోనే చూసుకునే పరీక్షలు రెండున్నాయి. మోచేతులు రెండూ నడుముకి ఆనించి తొంభై డిగ్రీలు మడిచి, అరచేతుల్ని పక్కలకి తెరవండి. బాగున్న చెయ్యి బయటికి బాగా వెళ్తుంది. బిగిసినది ముందే ఆగిపోతుంది. ఇప్పుడు ఇంకొకరు ఆ ముంజేతిని పట్టుకుని మెల్లగా బయటికి తీసుకెళ్లాలి. అప్పుడూ తలుపు గడియ పడ్డట్టు అక్కడే ఆగితే ఫ్రోజెన్ షోల్డర్ అనుమానించాలి. సొంతంగా లేవని చెయ్యి ఇంకొకరు లేపితే హాయిగా లేస్తుందంటే అది వేరే కథ. భుజం కండరాల స్నాయువు తెగిందేమో చూడాలి, దానికి దారి వేరు. రెండో పరీక్ష మణికట్టుకి. రెండు చేతుల వీపుల్నీ ఒకదానికొకటి ఆనించి మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచండి. ఆలోపే ఆ మూడు వేళ్లు జుమ్మంటే కార్పల్ టన్నెల్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇవి డాక్టరు దగ్గరికి ఏ మాట పట్టుకెళ్లాలో తెలియడానికే తప్ప, రోగ నిర్ధారణ కాదు. తల పైకెత్తినా పక్కకి తిప్పినా నొప్పి చేతిలోకి కరెంటులా పాకితే అప్పుడు నిజంగానే మెడ. రెండు పాదాలూ ముందు మొద్దుబారి తర్వాత చేతులకి వచ్చిందంటే షుగరు నరాలు, లేదా బి12 తక్కువ కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది, ఆ రక్తపరీక్ష చేయించడం తేలిక. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఎడమ భుజం లాగుతూ, ఆగితే తగ్గుతుంటే ఫిజియోథెరపీకి రాకండి, ముందు గుండె చూపించుకోండి.

ఒక పిన్ని సంగతి

మా వీధి వెనక ఉండే పిన్నికి యాభై నాలుగేళ్లు. అప్పడాలు ఒత్తుతుంది. మా ఊళ్లో ఈ పని చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా షుగరు. ఆవిడ కూడా మెడ బెల్టుతోనే వచ్చింది. "ఈ ఎడం చెయ్యి లేవడం లేదమ్మా, ఈ కుడి చెయ్యి రాత్రిపూట చచ్చిపోతోంది" అంది. రెండు చేతులకీ ఒకటే జబ్బని ఆవిడ నమ్మకం.

ఎడమ చెయ్యి బయటికి పదిహేను డిగ్రీలు కూడా వెళ్లలేదు, నేను తీసుకెళ్లినా అంతే. మూడు నెలలుగా నొప్పి పెరుగుతూనే ఉంది. భుజం ఎక్స్‌రే మామూలుగా ఉంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో అలాగే ఉండాలి, కీలు అరుగుదల, పాత విరుపు లేవని తేల్చుకోవడానికే ఆ ఎక్స్‌రే. కుడి మణికట్టు వంచి ఉంచితే ఇరవై సెకన్లకే వేళ్లు జుమ్మన్నాయి. బొటనవేలి మొదట్లో కండ మాత్రం నిండుగానే ఉంది, వేలిని అరచేతికి నిలువుగా పైకి లేపి నా వేలితో నొక్కితే బాగానే నిలిచింది. ఇది చాలా ముఖ్యం. ఆ కండ గుంటపడిందంటే నరం బాగా దెబ్బతిన్నట్టే. అప్పుడు పట్టీలు, ఇంజెక్షన్లతో కాలం గడపకూడదు. మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 8.9 ఉంది. థైరాయిడ్ కూడా చూపించమన్నాను. ఈ రెండు జబ్బులకీ థైరాయిడ్‌తో సంబంధం ఉంది.

స్ప్లింట్

స్ప్లింట్ అంటే కీలు కదలకుండా బయట కట్టే పట్టీ. ఇది మణికట్టుకి పనికొస్తుంది. భుజానికి అసలు వద్దు. బిగిసిపోతున్న కీలుని జోలెలో వేలాడదీస్తే ఇంకా బిగుస్తుంది. నొప్పి దశలో ఓ పూట చెయ్యికి ఆసరా కావాలంటే ఛాతీ పక్కన దిండు పెట్టుకోండి.

మణికట్టు స్ప్లింట్‌తో ఒక చిక్కుంది. మందుల షాపులో అమ్మేవాటిలో చాలావరకు చెయ్యిని కాస్త పైకి వంచి ఉంచే రకం. అది విరిగిన చేతులకీ, బలం పోయిన చేతులకీ బాగుంటుంది. కార్పల్ టన్నెల్‌కి మణికట్టు నిటారుగా, అంటే ముంజేయి, అరచెయ్యి ఒకే గీతలో ఉండాలి. లోపల అరచేతి వైపు అల్యూమినియం పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి లాగి బల్ల మీద పెట్టి తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. వేళ్లు మడిచినప్పుడు పిడికిలి పూర్తిగా పడాలి, పట్టీ వేళ్ల మొదళ్లు దాటి రాకూడదు. బిగించాక కిందికి ఓ వేలు దూరాలి. అంతకన్నా గట్టిగా కడితే పట్టీయే నరాన్ని నొక్కుతుంది.

రాత్రంతా వేసుకోవాలి, కనీసం ఆరు వారాలు. పగలు వేసుకుని పనిచేస్తే మణికట్టుకి బదులు మోచెయ్యి, భుజం మీద భారం పడుతుంది. పిన్నికి అప్పడాలు ఒత్తేటప్పుడు అది ఎలాగూ అడ్డమే. లక్షణాలు వచ్చి కొద్ది నెలలే అయి, తిమ్మిరి వచ్చిపోతూ ఉండేవాళ్లకి దీంతోనే సరిపోవచ్చు. పగలు కూడా వేళ్లు మొద్దుగా ఉండేవాళ్లకి పట్టీ నిద్ర ఇస్తుంది గానీ జబ్బు తగ్గించదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్: ఒకే మందు, రెండు లెక్కలు

భుజంలో ఇంజెక్షన్‌కి విలువ మొదట్లోనే. సంచి వాచి మండుతున్న నెలల్లో, అంటే రాత్రి నిద్ర పట్టని దశలో, కీలు లోపలికి ఇస్తే కొన్ని వారాలపాటు నొప్పి బాగా తగ్గుతుంది. ఆ వారాల్లోనే వ్యాయామం చేసి కదలిక రాబట్టాలి. నొప్పి పోయి బిగుతు మాత్రమే మిగిలిన దశలో ఇస్తే చేసేది తక్కువ, అప్పటికి వాపు పోయి సంచి గట్టిపడి ఉంటుంది. మందు కీలు లోపలే పడాలి. పైపైన కండలో పడితే "నాకు ఇంజెక్షన్ పనిచెయ్యలేదు" అనుకుంటారు. అల్ట్రాసౌండ్ చూస్తూ ఇచ్చే చోటు దొరికితే మంచిది.

మణికట్టులో లెక్క వేరు. బ్రిటన్‌లో జరిగి 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో కొందరికి 20 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్ ఒక్కటి ఇచ్చారు, మిగతావాళ్లకి రాత్రి స్ప్లింట్ ఇచ్చారు. ఆరు వారాలకి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఆరు నెలలకి ఇద్దరి మధ్యా తేడా లేదు. అంటే ఇంజెక్షన్ వేగంగా సుఖం ఇస్తుంది, దారి మాత్రం వెడల్పు కాదు. గర్భిణులకి, పెళ్లో పంటో పరీక్షలో గడిచేదాకా ఆపరేషన్ కుదరనివాళ్లకి, ఇది అసలు కార్పల్ టన్నెలేనా అని అనుమానం ఉన్నవాళ్లకి ఇది మంచి ఎంపిక. ఇంజెక్షన్‌తో కొన్నాళ్లు హాయిగా ఉంటే రోగం సరిగ్గానే పట్టుకున్నట్టు, ఆపరేషన్ కూడా పనిచేస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. ఒకటి ఇచ్చి మూడు నెలల్లో మళ్లీ మొదటికొస్తే రెండోది, మూడోది అంటూ పొడిగించడం నాకు నచ్చదు. ఆ లోపల నరం నలుగుతూనే ఉంటుంది. సూది దిగేటప్పుడు వేళ్లలోకి కరెంటు కొట్టినట్టయితే వెంటనే నోరు తెరిచి చెప్పాలి, సూది నరానికి తగులుతోందన్న మాట. ఓర్చుకోవడానికి అది సమయం కాదు.

షుగరు ఉన్నవాళ్లు రెండు చోట్లా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంజెక్షన్ పడిన మర్నాటి నుంచి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా, షుగరు ఎగబాకుతుంది. పిన్నికి భుజంలో ఇచ్చాక మూడో రోజు పరగడుపున 290 చూపించింది. ఆరో రోజుకి మామూలుకొచ్చింది. ముందే చెప్పి ఉంచాం కాబట్టి టెన్షన్ పడలేదు, డాక్టరు చెప్పినట్టు రోజుకి రెండుసార్లు చూసుకుంది. భుజానికీ మణికట్టుకీ ఒకే రోజు ఇద్దామన్న మాట కూడా వచ్చింది. షుగరు దృష్ట్యా వద్దనుకుని నొప్పి ఎక్కువున్న భుజానికి ఇచ్చారు, మణికట్టుకి స్ప్లింట్‌తో సరిపెట్టారు.

ఊళ్లలో కొన్నిచోట్ల నొప్పి ఇంజెక్షన్ పేరుతో పిరుదుకి స్టెరాయిడ్ ఇచ్చేవాళ్లున్నారు. అది ఒంటికంతా పాకుతుంది, షుగరు పెంచుతుంది, కీలుకి చేరేది కొంచెమే. చీటీ మీద మందు పేరు రాయించుకోకుండా ఏ సూదీ వద్దు.

ఆపరేషన్ ఎప్పుడు

భుజం విషయం ముందు. ఫ్రోజెన్ షోల్డర్ చాలామందిలో ఒకటి నుంచి మూడేళ్లలో మెల్లగా వదులుతుంది. కొందరికి కొంచెం బిగుతు మిగిలిపోతుంది, షుగరు ఉన్నవాళ్లలో ఆలస్యమూ ఎక్కువ, మిగిలేదీ ఎక్కువ. మత్తు ఇచ్చి చేతిని బలంగా తిప్పి సంచిని వదిలించడం ఒక పద్ధతి. చిన్న రంధ్రం గుండా, అంటే కీహోల్ పద్ధతిలో, సంచిని కోయడం ఇంకోటి. 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద పరిశోధనలో 503 మందిని మూడు గుంపులు చేసి ఈ రెండింటినీ, ఇంజెక్షన్‌తో కలిపిన ఫిజియోథెరపీనీ పోల్చారు. ఏడాది తర్వాత మూడు గుంపుల మధ్య రోగికి తెలిసేంత తేడా లేదు. తీవ్రమైన ఇబ్బందులు కీహోల్ గుంపులో ఎక్కువ వచ్చాయి. అందుకే ఆరు నెలలైనా సరిగ్గా వ్యాయామం చేసి, ఇంజెక్షన్ కూడా చూసి, అప్పటికీ బతుకుతెరువుకి అడ్డంగా బిగుసుకుని ఉంటేనే నేను సర్జన్ దగ్గరికి వెళ్లమంటాను. ఆపరేషన్ అయ్యాక కూడా మర్నాటి నుంచి వ్యాయామం చెయ్యకపోతే మళ్లీ బిగుస్తుందని మర్చిపోవద్దు. కట్టు వైద్యుల చేత చెయ్యి గుంజించుకోవడం మాత్రం వద్దే వద్దు. పెద్ద వయసులో ఎముక విరిగిన కేసులు ఉన్నాయి.

మణికట్టు ఇందుకు పూర్తిగా వేరు. ఇక్కడ ఆపరేషన్ చిన్నది. అరచేతిలో చిన్న గాటు, స్థానికంగా మత్తు, నరం మీద అడ్డంగా ఉన్న ఆ లోపలి గట్టి పట్టీని నిలువుగా కోసి దారి వెడల్పు చేస్తారు. సాధారణంగా అరగంట లోపే పని, అదే రోజు ఇంటికి పంపిస్తారు. నెదర్లాండ్స్‌లో 2002లో వచ్చిన పరిశోధనలో ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ అయినవాళ్లలో 90 శాతం, స్ప్లింట్ వేసుకున్నవాళ్లలో 75 శాతం బాగుపడ్డారు. ఈ రెండో అంకె కూడా తక్కువేమీ కాదు, తేలిక కేసుకి పట్టీ ముందు ప్రయత్నించమనేది అందుకే. అయితే బొటనవేలి కండ తగ్గినా, వేళ్లు ఎప్పుడూ మొద్దుగానే ఉన్నా, గుండీ పెట్టలేకపోయినా, సూదిలో దారం చేతికి తెలియకపోయినా ఆలస్యం తప్పు. రాత్రి జుమ్మనడం ఆపరేషన్ తర్వాత రోజుల్లోనే పోతుంది. ఏళ్లనాటి మొద్దుబారడం, ఎండిపోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఆలస్యానికి మూల్యం అదే.

పిన్నికి స్ప్లింట్ రెండు నెలలు పనిచేసింది. తర్వాత పగలు కూడా వేళ్లు మొద్దుబారడం, పిండి ముద్ద చేతిలోంచి జారడం మొదలైంది. నరాల పరీక్ష, ఇక్కడ అందరూ ఎన్‌సీవీ అంటారు, చేయిస్తే మధ్యస్థంగా నలిగిందని వచ్చింది. ఆపరేషన్‌కి ఒప్పుకుంది గానీ ఎప్పుడన్నదే ప్రశ్న. రెండు సంగతులు చూశాం. కుడి చేతికి కట్టు ఉంటే తల దువ్వుకోవడం, స్నానం, వంట అన్నీ ఎడమ చేత్తోనే, కాబట్టి ఎడమ భుజం ముందు కాస్త తెరుచుకోవాలి. రోజూ కర్ర పట్టుకుని చేతిని బయటికి తొయ్యడం, గోడ మీద వేళ్లతో పైకి పాకడం, తలుపు పైన కప్పీకి తాడు వేసి బాగున్న చేత్తో లాగడం చేస్తే మూడు నెలలకి నలభై డిగ్రీల దాకా వచ్చింది. రెండోది ఎండ. అప్పడాలు ఎండపెట్టాలంటే ఎండ కావాలి, వానాకాలంలో పని ఎలాగూ పడిపోతుంది. ఆపరేషన్ ఆషాఢం వెళ్లాక పెట్టుకుంది.

ఇందులో సర్జన్లు తొందరలో చెప్పకుండా వదిలేసే విషయం ఒకటుంది. కుట్లు రెండు వారాలకి విప్పేస్తారు, చిన్న పనులు అప్పుడే మొదలుపెట్టొచ్చు. కానీ అరచేతి అడుగున, గాటుకి రెండు పక్కలా, నొక్కితే నొప్పి రెండు మూడు నెలలు ఉంటుంది. అప్పడాల కర్ర మీద బరువు పడేది సరిగ్గా అక్కడే. పిడికిలి బలం కూడా ఆ నెలల్లో తగ్గి తర్వాత వస్తుంది. ఇది తెలియకపోతే ఆపరేషన్ చెడిపోయిందని కంగారు పడతారు. చెయ్యి ఎర్రగా వాచి చీము కారినా, బొటనవేలు కొత్తగా కదలకపోయినా మాత్రం ఆగకుండా సర్జన్‌కి చూపించాలి.

ఎక్కడ చేయించుకోవాలి

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. మణికట్టు ఆపరేషన్ ఎముకల విభాగాల్లో మామూలుగా చేసేదే, దాని కోసమే విశాఖ దాకా పోనక్కర్లేదు. చుట్టాలున్నారని శ్రీకాకుళం, విశాఖ వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి. ఒడిశా రేషన్ కార్డు మీద ఆంధ్ర ఆరోగ్య పథకం వర్తించదు. మీ ఆరోగ్య కార్డు అక్కడి ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కి చెల్లుతుందా అని బయల్దేరే ముందే అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు ఎన్‌సీవీ కాగితం, హెచ్‌బీఏ1సీ, ఇంతకు ముందు ఇంజెక్షన్ పడి ఉంటే ఏ మందు ఏ తేదీన పడిందో రాసిన చీటీ పట్టుకెళ్లాలి. ఈమధ్యే స్టెరాయిడ్ పడిన చోట ఆపరేషన్ చేస్తే చీము పట్టే భయం పెరుగుతుంది, అందుకే చాలామంది సర్జన్లు కొన్ని నెలలు ఆగమంటారు. ఇంజెక్షన్ తీసుకుందామా, నేరుగా ఆపరేషన్‌కి వెళ్దామా అని ఊగిసలాడేవాళ్లు ఈ ఆగాల్సిన నెలలు కూడా లెక్కలో వేసుకోవాలి.

పిన్నికి ఇప్పుడు ఎడమ చేతి వేళ్లు కూడా రాత్రిళ్లు అప్పుడప్పుడు జుమ్మంటున్నాయట. ఈ జబ్బు రెండో చేతికి రావడం మామూలే. కండ నిండుగా ఉంది, పగలు ఏ బాధా లేదు. కాబట్టి దానికి ప్రస్తుతం పాత స్ప్లింట్ కాదు, ఎడమ చేతి కొలతది కొత్తది, పట్టీ తిన్నగా చేసి రాత్రి వేసుకోమన్నాను. ఆరు వారాల తర్వాత ఓసారి చూసి, పగలు మొద్దుబారడం మొదలైతే అప్పుడు ఎన్‌సీవీకి పంపిస్తాను.